ఇంటి యజమానికి అర్థమయ్యేలా సాయిల్ రిపోర్టు సారాంశం రాయడం: నల్లరేగడి స్థలం ఒకటి తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా

సాయిల్ టెస్ట్ చేయించుకున్న ఇంటాయన రిపోర్టు చేతికి రాగానే అడిగేది ఒకటే: "ఎస్‌బీసీ ఎంత వచ్చిందండి?" ఆ ఒక్క అంకె తీసుకెళ్లి డిజైన్ చేసేవాళ్లకు ఫోన్లో చెప్పేస్తాడు. మిగతా నలభై పేజీలు బీరువాలోకి పోతాయి. ఎస్‌బీసీ అంటే ఆ నేల సురక్షితంగా మోసే బరువే కానీ, ఎంత లోతులో, ఎంత వెడల్పు ఫుటింగుకు, ఎంత కుంగుదలను ఒప్పుకుని చెప్పారన్నది తెలియకపోతే ఆ అంకెతో ఏ పనీ జరగదు. నల్లరేగడిలో అయితే నష్టమే. అందుకే రిపోర్టు ముందు రెండు పేజీల సారాంశం పెట్టాలి. మట్టి చదువు లేనివాళ్లు అది చదివి మేస్త్రితో ఏం చెప్పాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలుసుకోగలగాలి.

రాసే పద్ధతి చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను. గుంటూరు వైపు శివారులో 300 గజాల స్థలం, 60 అడుగులకు 45. కింద ఒకటి, పైన రెండు అంతస్తుల ఇల్లు అనుకున్నారు. మే నెలలో ఎదురెదురు మూలల్లో పది మీటర్ల లోతున రెండు బోర్లు వేశారు. స్థలం రోడ్డు కన్నా 0.6 మీటర్లు పల్లంలో ఉంది. ఇందులో అంకెలు ఉదాహరణ కోసమే. నల్లరేగడి నేలల్లో ఈ తీరు మాత్రం తరచూ కనిపించేదే.

మొదటి పని: రెండు బోర్లను పక్కపక్కన పెట్టి చూడండి

రాయడం మొదలుపెట్టకముందే రెండు బోర్ల ఫీల్డ్ లాగ్‌లను ఒకే కాగితం మీద, ఒకే మట్టం నుంచి గీసుకోండి. మన ఉదాహరణలో అలా గీస్తే ఇలా కనిపిస్తుంది.

మొదటి బోరులో పైన 0.6 మీటర్ల మెరక మట్టి, దాని కింద 2.8 మీటర్ల దాకా నల్లరేగడి, ఆ కింద సున్నపు గులకలు కలిసిన గోధుమరంగు బంకమట్టి. 5.5 మీటర్ల నుంచి మెత్తబడిన రాయి. రెండో బోరులో 1.4 మీటర్ల దాకా ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కలిసిన పూడిక వచ్చింది. అంటే అక్కడ ఒకప్పుడు గుంట ఉండేది. నల్లరేగడి కూడా 3.6 మీటర్ల దాకా దిగింది. గోధుమరంగు మట్టి ఆ తర్వాతే. మెత్తబడిన రాయి 6 మీటర్ల దగ్గర తగిలింది.

సగటు తీసి "నల్లరేగడి సుమారు 3.2 మీటర్ల వరకు ఉంది" అని రాయాలనిపిస్తుంది. రాయకండి. అదే స్థలంలో ఒక మూలకూ ఇంకో మూలకూ 0.8 మీటర్ల తేడా ఉండటమే ఇక్కడ అసలు కబురు. పునాది లోతు ఎప్పుడూ అధ్వానంగా ఉన్న మూలను బట్టి నిర్ణయించాలి.

ఇక ఎన్ విలువలు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టాన్ని మట్టిలోకి 45 సెంటీమీటర్లు దింపుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు వదిలేసి, మిగతా 30కి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడితే అదే ఎన్. మొదటి బోరులో 1.5 మీటర్ల దగ్గర నల్లరేగడిలో ఎన్ 14 వచ్చింది. అంకె బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ బోరు వేసింది మే నెలలో. ఎండకు నల్లరేగడి ఎండి రాయిలా బిగుసుకుంటుంది, సుత్తి దెబ్బలకు లొంగదు. అదే మట్టి అక్టోబరులో నానాక మెత్తబడుతుంది. కాబట్టి ఎండాకాలం అంకె చూసి ఆ పొరకు బలం రాసిపెడితే అది వాన పడేదాకానే నిజం. రెండో బోరులో అదే లోతున ఎన్ 5 మాత్రమే. కింద గోధుమరంగు పొరలో రెండు చోట్లా 16 నుంచి 22 మధ్య వచ్చింది. ఈ పొర లోతులో ఉండటం వల్ల ఎండావానా దీన్ని పెద్దగా తాకవు, అందుకే ఇక్కడి అంకెలను నమ్మొచ్చు.

నీటి మట్టం కూడా అంతే. బోరు వేశాక 24 గంటలు ఆగి కొలిస్తే 5.2 మీటర్ల దగ్గర నీళ్లు ఉన్నాయి. పక్కింటి బావిలో వానాకాలంలో ఎక్కడిదాకా వస్తాయని అడిగితే, చెయ్యెత్తు కిందే ఉంటాయన్నారు. సారాంశంలో రెండూ రాయాలి, కొలిచిన తేదీతో సహా.

రెండో పని: జవాబు మొదటి పేరాలోనే చెప్పండి

మనవాళ్ల రిపోర్టులు స్థలం ఎక్కడుందో, ఏ యంత్రం వాడారో, ఏ ఐఎస్ కోడ్ పాటించారో చెప్పుకుంటూ వచ్చి, పునాది సంగతి ఆఖరి పేజీలో చెబుతాయి. సారాంశంలో దీన్ని తిరగెయ్యాలి. ఉదాహరణకు:

> ఈ స్థలంలో పైన ఉన్నది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి. ఒక మూల పాత గుంట పూడ్చి ఉంది. మామూలుగా తవ్వే ఐదడుగుల ఫుటింగులు ఇక్కడ వెయ్యకూడదు. ఇంటి బరువును నల్లరేగడి దాటించి, కింద ఉన్న గోధుమరంగు గట్టి మట్టి మీద పెట్టాలి. అందుకు అండర్‌రీమ్‌డ్ పైల్స్, అంటే అడుగున గుండ్రంగా వెడల్పు చేసిన పైల్స్, సూచిస్తున్నాం. పైల్ అడుగు రోడ్డు మధ్య మట్టం నుంచి 5.6 మీటర్ల కింద ఉండాలి.

"వెయ్యకూడదు" అని నేరుగా రాయడానికి చాలామంది ఇంజనీర్లు జంకుతారు. "వేయకుండా ఉండటం మంచిది" అని మెత్తగా రాస్తారు. చదివినాయనకు అది సలహాలా వినిపిస్తుంది. మేస్త్రి గారు "నలభై ఏళ్లుగా ఐదడుగులే వేస్తున్నామండి" అనగానే ఆ సలహా ఎగిరిపోతుంది.

మూడో పని: లోతు ఎక్కడి నుంచో తేల్చి చెప్పండి

పై పేరాలో ఆఖరి వాక్యం చూడండి. "5 మీటర్ల పైల్" అని కాకుండా "రోడ్డు మధ్య మట్టం నుంచి 5.6 మీటర్లు" అని రాశాను. ఈ ఒక్క విషయానికి సారాంశంలో ప్రత్యేకంగా చోటు ఇవ్వాలి, ఎందుకంటే పని చెడేది ఎక్కువగా ఇక్కడే.

బోరు లాగ్‌లో లోతులన్నీ బోరు వేసిన రోజు నేల మట్టం నుంచి కొలిచినవి. స్థలం పల్లంగా ఉంది కాబట్టి ఇంటాయన పని మొదలయ్యేలోపు మెరక తోలిస్తాడు. రోడ్డు సమానానికి 0.6 మీటర్లు, ఆపైన మరో 0.6, మొత్తం 1.2 మీటర్లు పోశాడనుకుందాం. ఇప్పుడు పైల్స్ వేసేవాళ్లు వచ్చి కొత్త నేల మీద నుంచి 5 మీటర్లు తవ్వి, రిపోర్టు ప్రకారమే చేశామంటారు. పాత నేల నుంచి లెక్కేస్తే వాళ్లు దిగింది 3.8 మీటర్లే. పైల్ వెడల్పైన భాగం మధ్య అడుగు నుంచి సుమారు 0.6 మీటర్ల పైన ఉంటుంది. అంటే అది 3.2 మీటర్ల దగ్గర పడింది. రెండో బోరు మూలలో నల్లరేగడి 3.6 దాకా ఉంది. ఇంత ఖర్చూ పెట్టి, పైల్ బల్బును తీసుకెళ్లి ఏ మట్టిని తప్పించుకోవాలనుకున్నామో అందులోనే పెట్టినట్టయింది. పైకి ఏమీ తేడా కనిపించదు. కాగితం మీద కూడా తప్పు లేదు.

అందుకే కదలని గుర్తు ఒకటి పెట్టుకోవాలి. సిమెంటు రోడ్డు మధ్య భాగమో, పక్కన కల్వర్టు దిమ్మో. దాని ఫొటో సారాంశంలో పెట్టి, అన్ని మట్టాలూ దాని నుంచే చెప్పండి. తర్వాత ఎప్పుడైనా రోడ్డు మీద మరో పొర పోసే అవకాశం ఉందనిపిస్తే కల్వర్టు దిమ్మే నయం.

నాలుగో పని: ఎందుకో కళ్లకు చూపించండి

"డిఫరెన్షియల్ ఫ్రీ స్వెల్ 75 శాతం, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 40, స్వెల్లింగ్ ప్రెషర్ చదరపు మీటరుకు 14 టన్నులు" అని రాస్తే నాలుగో మాట దగ్గరే కాగితం మూసేస్తారు. ఈ మూడింట్లో మొదటిది ఎవరికైనా చూపించగలిగిన పరీక్ష. దాన్ని వాడుకోండి.

ఎండబెట్టి జల్లించిన ఈ మట్టినే పదేసి గ్రాములు రెండు కొలత జాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో నీళ్లు పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిలుకు ఈ మట్టి ఉబ్బదు. మర్నాటికి కిరసనాయిలు జాడీలో మట్టి 12 మిల్లీలీటర్ల గీత దగ్గర ఉంది, నీళ్ల జాడీలో 21 దగ్గర. తేడా 9, దాన్ని 12తో భాగిస్తే 75 శాతం. యాభై దాటితేనే ఉబ్బుడు చాలా ఎక్కువని అర్థం. ఈ రెండు జాడీలూ పక్కపక్కన ఉన్న ఫొటో సారాంశం మొదటి పేజీలో వెయ్యండి. దాని కింద "రెండింటిలోనూ ఉన్నది మీ స్థలం మట్టే, బరువూ సమానమే" అని ఒక్క వాక్యం చాలు. ల్యాబ్ దగ్గరలో ఉంటే ఇంటాయన్నీ మేస్త్రినీ పిలిచి చూపించడం ఇంకా మంచిది.

స్వెల్లింగ్ ప్రెషర్‌ను మాత్రం ఇంటి బరువుతో పోల్చి చెప్పండి. మూడు శ్లాబుల మామూలు ఇల్లు, బరువంతా కింద నేల మీద సమానంగా పరిస్తే, చదరపు మీటరుకు సుమారు 4 టన్నులు అవుతుంది. మట్టి నాని ఉబ్బేటప్పుడు అది పూర్తిగా కదలకుండా ఆపాలంటే 14 టన్నులు పెట్టాలి. ఇల్లు ఆ ఉబ్బును ఆపలేదు, దాంతోపాటు లేస్తుంది. అదీ ఒక్కలా లేవదు. స్నానాల గది వైపు ఒకలా, ఎండ తగిలే వైపు ఒకలా. నల్లరేగడి ఊళ్లలో పెద్ద మేడల కన్నా ముందు ప్రహరీ గోడలూ ఒంటి అంతస్తు ఇళ్లూ ఎందుకు బీటలిస్తాయో ఈ లెక్కతో తెలిసిపోతుంది. తేలికైనవాటికి ఇక్కడ ముప్పు ఎక్కువ. "చిన్న ఇల్లే కదా, ఇంత పునాది ఎందుకు" అనే ప్రశ్నకు కూడా ఇదే జవాబు.

ఐదో పని: వద్దన్న దారులు కూడా రాయండి

ఒక్క పరిష్కారమే రాసి వదిలేస్తే, మిగతావి మీకు తోచలేదనుకుంటారు. రెండు నెలల తర్వాత ఎవరో "రాఫ్ట్ వేస్తే సరిపోయేది" అంటారు, అప్పుడు సమాధానం చెప్పడానికి మీరు అక్కడ ఉండరు.

ఈ స్థలంలో ఐదడుగుల ఫుటింగు వేస్తే ఒక మూల ఉబ్బే మట్టి మీద, ఇంకో మూల పూడికను అప్పుడే దాటి మెత్తటి మట్టి మీద కూర్చుంటుంది. ఒకటి లేస్తుంది, ఒకటి కుంగుతుంది. రాఫ్ట్ వేస్తే పూడిక గుంట ఇబ్బంది కొంత తగ్గినా, పైన చెప్పిన 4 టన్నులూ 14 టన్నుల లెక్క మారదు. నల్లరేగడి దాటే దాకా తవ్వి ఫుటింగులే వెయ్యడం మట్టి ప్రకారం సరైన దారే. గోధుమరంగు పొర చదరపు మీటరుకు 15 టన్నులు మోస్తుంది. కానీ పూడిక మూలలో దానికి 4 మీటర్ల గొయ్యి కావాలి. పక్కింటి ప్రహరీ మీటరు దూరంలో ఉంది. గోడకు ఆసరా కట్టకుండా అంత లోతు తవ్వితే అది గోతిలో పడుతుంది. మధ్యలో వాన వస్తే గొయ్యి నీళ్లతో నిండుతుంది. పక్కన ఖాళీ స్థలాలు ఉంటే నేను ఇదే సూచించేవాణ్ణేమో. ఈ మాట కూడా సారాంశంలో రాయొచ్చు, తప్పు లేదు.

ఆరో పని: సిఫారసును మేస్త్రి చేతికిచ్చే చీటీలా రాయండి

ఇక్కడ ఎవరు చదివినా ఒకే అర్థం రావాలి. మన ఉదాహరణకు:

> పైల్ కాండం 300 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పు భాగం 750 మిల్లీమీటర్లు. ఒక్కో పైల్ మీద 16 టన్నుల దాకా బరువు పెట్టవచ్చు. పక్కపక్కన ఉన్న పైల్స్ మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకు, 1.5 మీటర్లు. కడ్డీలు పైల్ అడుగు దాకా దిగాలి.
>
> పైల్స్‌ను కలిపే గ్రేడ్ బీమ్ అడుగుకూ నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అందులో మట్టి గానీ ఇసుక గానీ కంకర గానీ కూరకూడదు.

పదహారు టన్నులనేది ఆ సైజు ఒక్క బల్బు పైల్‌కు ఐఎస్ 2911 మూడో భాగం పట్టికలో ఉన్నదే. దాన్ని ఇంటాయనకు కొద్దిగా విప్పి చెప్పండి: లోపలి స్తంభం మీద 42 టన్నులు వస్తే దానికి మూడు పైల్స్, అంచు స్తంభం మీద 28 వస్తే రెండు. పైల్స్ సంఖ్య ఖరారు చేసేది డిజైన్ ఇంజనీరే. ఈ లెక్క తెలిస్తే ఇంటాయనకు ఖర్చు మీద ఒక అంచనా వస్తుంది.

80 మిల్లీమీటర్ల ఖాళీ గురించి ఇంకో రెండు వాక్యాలు రాయక తప్పదు. పైల్స్ ఎంత బాగా వేసినా బీమ్‌ను నేల మీదే పోస్తే, ఉబ్బిన మట్టి బీమ్‌ను కింద నుంచి తంతుంది. పునాది కదలకపోయినా గోడలు బీటలిస్తాయి. మేస్త్రులకు ఈ ఖాళీ అసహ్యంగా అనిపిస్తుంది. అడుగున పీసీసీ వేసి దాని మీదే బీమ్ పోస్తారు, లేదా షట్టరింగ్ కింద పోసిన ఇసుకను అలాగే వదిలేస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ ఇసుక తీసేశారా అని చూడటం యజమాని పని అని సారాంశంలో స్పష్టంగా ఉండాలి. పరీక్ష సులువే: ఒక కర్రను బీమ్ కింద నుంచి ఇటు పెడితే అటు రావాలి. బయటివైపు బీమ్ పక్క నుంచి మట్టి లోపలికి జారకుండా సన్నని ఇటుక గోడ అడ్డం పెట్టుకోవచ్చు, అది బీమ్‌కు తగలకుండా.

గచ్చు సంగతి చాలా రిపోర్టులు మర్చిపోతాయి. స్తంభాలూ గోడలూ పైల్స్ మీద నిలబడ్డాయి, సరే. కింది అంతస్తు టైల్స్ మాత్రం నేల మీదే ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి హాలు మధ్యలో గచ్చు లేచి, తలుపులు నేలకు రాసుకుంటాయి. ఇల్లు బాగుంది, గచ్చు పోయింది. దీనికి రెండు దారులు చెప్పండి. ఖర్చు భరించగలిగితే కింది అంతస్తు గచ్చును కూడా బీమ్‌ల మీద శ్లాబుగా పోయడం. లేదంటే గదుల కింద పైన ఉన్న నల్లమట్టిని సుమారు మీటరు తీసేసి, ఉబ్బని ఎర్రమట్టిని పొరలుగా తడిపి దిమ్మిస కొట్టడం. నదీ ఇసుకతో నింపొద్దు. ఇసుకలోంచి నీళ్లు సులువుగా దిగి కింద మిగిలిన నల్లరేగడిని నానబెడతాయి.

నీళ్ల సంగతి క్లుప్తంగా చాలు: ఇంటి చుట్టూ మీటరున్నర వెడల్పున బయటికి వాలుగా గచ్చు, డ్రైనేజీ పైపుల అతుకులు కారకుండా, ఇంకుడు గుంత పునాదికి దూరంగా. పెద్ద చెట్లు కూడా గోడకు దూరంగా.

ఏడో పని: ఎక్కడ ఆగాలో చెప్పండి

రెండు బోర్లంటే 300 గజాల్లో రెండు చోట్ల నేల చూశామనే. మధ్యలో ఏముందో ఊహే. రిపోర్టుల్లో దీన్ని "బోర్ల మధ్య నేల స్వభావం మారవచ్చు, అందుకు సంస్థ బాధ్యత వహించదు" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ వాక్యం రాసినాయన్ని కాపాడుతుందేమో కానీ ఇంటిని కాపాడదు. దానికి బదులు, మారితే ఎలా తెలుస్తుందో, తెలిస్తే ఏం చెయ్యాలో రాయండి.

> ప్రతి పైల్ తవ్వేటప్పుడు రోడ్డు మట్టం నుంచి 4.5 మీటర్ల కింద బయటికొచ్చే మట్టిని చూడండి. గోధుమరంగులో, సున్నపు గులకలతో ఉండాలి. అప్పటికీ నల్లమట్టే వస్తుంటే ఆ పైల్ ఆపి మాకు ఫోన్ చెయ్యండి. గోతిలో నీరు ఊరినా, అంచులు విరిగి పడుతున్నా కాంక్రీటు పొయ్యకండి. తవ్విన రోజే కాంక్రీటు పడాలి.

అన్ని పైల్స్ నుంచీ ఆ లోతు మట్టిని కాస్త తీసి, పైల్ నంబరు రాసిన కవర్లో వేయించమని కూడా చెప్పండి. ఖర్చేమీ లేదు. ఇరవై పైల్స్ మట్టీ వరసగా పెట్టి చూస్తే పాత గుంట ఎంతదాకా ఉండేదో బయటపడుతుంది. తక్కువ బోర్లతో వచ్చిన లోటు కొంతైనా దీంతో పూడుతుంది. అలాగే ఏ మార్పు వస్తే సిఫారసు చెల్లదో కూడా రాయాలి: ఇంకో అంతస్తు కలిపినా, సెల్లార్ తవ్వాలనుకున్నా, ఇంటి స్థానం మారినా మళ్లీ అడగాలి. పనులు వానలకు ముందే ముగించమనే మాట కూడా ఇక్కడే ఉండాలి. మే నెలలో నీళ్లు 5.2 మీటర్ల దగ్గర ఉన్నాయి కాబట్టి 5 మీటర్ల గోతులు పొడిగా ఉంటాయి. సెప్టెంబరుకు వాయిదా పడితే అవే గోతులు నీళ్లలో తవ్వాల్సి వస్తుంది. అప్పుడు పద్ధతీ మారుతుంది, రేటూ మారుతుంది.

పంపే ముందు

సారాంశాన్ని మట్టి పని తెలియని ఎవరికైనా ఇచ్చి, మూడు ప్రశ్నలు అడగండి. ఐదడుగుల ఫుటింగు ఎందుకు వద్దు? లోతు ఎక్కడి నుంచి కొలవాలి? పని ఎప్పుడు ఆపాలి? ఈ మూడింటికీ కాగితం వెతక్కుండా జవాబు చెప్పగలిగితే పంపొచ్చు. ఏదైనా తడబడితే ఆ పేరా మళ్లీ రాయండి. తర్వాత ఆరో పనిలోని చీటీని, ఏడో పనిలోని హెచ్చరికను విడిగా ఒక పేజీ మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. సైటు షెడ్డు గోడకు తగిలించేది అదొక్కటే, సిమెంటు చేతులతో పట్టుకునేదీ అదే.